చిప్-సీక్వెన్సింగ్ దత్తాంశంలో శిఖరాల గుర్తింపు, మోటిఫ్‌ల వ్యాఖ్యానం: వరి ఐపీఏ1 ప్రోటీన్ ఒక ఉదాహరణ

2025 మే నెలలో భారత వ్యవసాయ పరిశోధన మండలి జన్యు సవరణ ద్వారా రూపొందించిన రెండు వరి రకాలను ప్రకటించింది. ఆ రెండింటికీ మాతృకలు తెలుగు నేలపై పుట్టిన రకాలే. బాపట్ల సాంబ మసూరి (బీపీటీ 5204) నుండి హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ డీఆర్ఆర్ ధాన్ 100 (కమల)ను, మారుటేరు ఎంటీయూ 1010 నుండి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా డీఎస్‌టీ రైస్ 1ను తయారు చేశాయి. మొదటిదానిలో సవరించిన జన్యువు ఓఎస్‌సీకేఎక్స్2. ఇది సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును తయారుచేస్తుంది. రెండవదానిలో సవరించినది డీఎస్‌టీ అనే అనులేఖన కారకాన్ని తయారుచేసే జన్యువు. ఈ డీఎస్‌టీ ప్రోటీన్ ఓఎస్‌సీకేఎక్స్2 జన్యువును ప్రత్యక్షంగా నియంత్రిస్తుందని 2013లో వెలువడిన పరిశోధన తెలిపింది. అంటే రెండు సంస్థలు రెండు రకాలలో వేర్వేరుగా చేపట్టిన సవరణలు ఒకే నియంత్రణ గొలుసులోని రెండు కొసలు.

జన్యువును పూర్తిగా నిష్క్రియం చేయడం ఒక పద్ధతి. దాని ప్రమోటర్‌లో అనులేఖన కారకం కూర్చునే కొద్దిపాటి భాగాన్ని మాత్రమే తొలగించి, జన్యువు పనిచేసే కణజాలాన్నో తీవ్రతనో మార్చడం మరొక పద్ధతి. రెండవ పద్ధతిని ఎంచుకున్నవారికి ఆ కారకం కచ్చితంగా ఎక్కడ కూర్చుంటున్నదో, అక్కడ తానే కూర్చుంటున్నదో, మరొకరి భుజంపై చేయి వేసి నిలుచున్నదో తెలియాలి. క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్ సీక్వెన్సింగ్, క్లుప్తంగా చిప్-సీక్వెన్సింగ్, ఈ ప్రశ్నకు జవాబు వెదకే సాధనం. అయితే అది ఇచ్చే జవాబు రెండు అంచెలలో వస్తుంది. శిఖరం ఒక చోటును చూపుతుంది. మోటిఫ్ ఆ చోటు ఎవరిదో సూచిస్తుంది. ఈ రెండు అంచెలను ఒకటిగా భావించినప్పుడు తప్పు వ్యాఖ్యానాలు పుడతాయి. వరిలో ఐపీఏ1 ప్రోటీన్‌పై జరిగిన పరిశోధన ఈ విషయాన్ని స్పష్టంగా బోధిస్తుంది.

ఐపీఏ1: పిలకలకూ కంకికీ మధ్య

ఐపీఏ1 అనేది వరి మొక్క ఆకృతిని నిర్ణయించే అనులేఖన కారకం. దీనికే ఓఎస్‌ఎస్‌పీఎల్14 అని మరొక పేరు. దీని సందేశ ఆర్‌ఎన్‌ఏను సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ 156 అదుపులో ఉంచుతుంది. ఆ అదుపుకు లొంగని ఉత్పరివర్తనం ఉన్న మొక్కలలో పనికిరాని పిలకలు తగ్గి, కంకికి గింజల సంఖ్య పెరుగుతుందని 2010లో వెల్లడైంది. దిగుబడిని చదరపు మీటరుకు కంకులు, కంకికి గింజలు, గింజ బరువు అని విడదీసి చూసే సేద్య శాస్త్రజ్ఞులకు ఇది వెంటనే ఆసక్తి కలిగించే ఫలితం. అయితే చిక్కు కూడా అందులోనే ఉంది. ఒకే ప్రోటీన్ ఒకవైపు పిలకలను అణచివేస్తూ, మరొకవైపు కంకిని పెంచుతున్నది. ఒకదాన్ని వదలి మరొకదాన్ని పొందాలంటే ఆ ప్రోటీన్ ఏయే జన్యువుల దగ్గర, ఏ ఆధారంతో కూర్చుంటున్నదో తెలియాలి.

2013లో ప్లాంట్ సెల్ పత్రికలో ప్రచురితమైన అధ్యయనం కాండాగ్రాలలోను, లేత కంకులలోను ఐపీఏ1 బంధన స్థానాలను జీనోమ్ అంతటా గుర్తించింది. శిఖరాల కింద రెండు మోటిఫ్‌లు అధికంగా కనిపించాయి. ఒకటి GTAC, ఇది ఐపీఏ1 చెందిన ఎస్‌బీపీ కుటుంబానికి సహజమైన మోటిఫ్. రెండవది TGGGCC లేక TGGGCT. ఇది ఎస్‌బీపీ కుటుంబానికి చెందినది కాదు. ఈ రెండవ మోటిఫ్‌ను ఎలా అర్థం చేసుకోవాలన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న. దానికి ముందు శిఖరం ఎలా ఏర్పడుతుందో చూడాలి.

శిఖరం ఎలా ఏర్పడుతుంది

మొక్క కణజాలాన్ని ఫార్మాల్డిహైడ్ ద్రావణంలో ఉంచి, శూన్యపీడనంతో లోపలికి ఇంకేలా చేస్తే ప్రోటీన్లు తాము ఆనుకొని ఉన్న డీఎన్‌ఏతో అతుక్కుంటాయి. డీఎన్‌ఏతో నేరుగా తాకని ప్రోటీన్ కూడా పక్కనున్న ప్రోటీన్ ద్వారా అతుక్కుంటుంది. ఈ సంగతిని ముందుగానే గుర్తుంచుకోవాలి. తరువాత కేంద్రకాలను వేరుచేసి, అతిధ్వని తరంగాలతో క్రోమాటిన్‌ను సుమారు 200 నుండి 500 క్షార జతల ముక్కలుగా చేస్తారు. కావలసిన ప్రోటీన్‌ను పట్టే ప్రతిరక్షకంతో ఆ ముక్కలను వెలికితీసి, అతుకును విడగొట్టి, డీఎన్‌ఏ ముక్కల కొసలను చదువుతారు. ప్రతిరక్షకం కలపకముందే పక్కకు తీసిన క్రోమాటిన్‌ను కూడా అదే విధంగా చదువుతారు. దీనిని ఇన్‌పుట్ అంటారు.

ముక్కలో చదివేది కొసను మాత్రమే. కాబట్టి బంధన స్థానానికి ఎడమవైపు ధన పోగు రీడ్‌లు, కుడివైపు ఋణ పోగు రీడ్‌లు రెండు గుట్టలుగా పడతాయి. ఈ గుట్టల మధ్య దూరం ముక్క సగటు నిడివికి దగ్గరగా ఉంటుంది. మ్యాక్స్2 వంటి ప్రోగ్రాములు ఈ దూరాన్ని అంచనా వేసి, ప్రతి రీడ్‌ను ముక్క నిడివి మేరకు పొడిగించి, ప్రతి క్షార జతపై ఎన్ని ముక్కలు పరచుకున్నాయో లెక్కిస్తాయి. రెండు పోగుల గుట్టలు జరగకుండా ఒకేచోట ఒకదానిపై ఒకటి నిటారుగా లేచి ఉంటే అది బంధన స్థానం కాదు. పునరావృత భాగమో, ఒకే ముక్క పదేపదే నకలై రావడమో అయి ఉంటుంది.

తరువాతి ప్రశ్న: ఎన్ని ముక్కలు పరచుకుంటే ఆ చోటు శిఖరం? దీనికి స్థిరమైన సంఖ్య లేదు. ఒక లెక్క చూద్దాం. సంఖ్యలు వివరణ కోసం తీసుకున్నవి. ఒక నమూనాలో వడపోత తరువాత 1.85 కోట్ల రీడ్‌లు మిగిలాయి, ముక్క నిడివి 200 క్షార జతలు, వరి జీనోమ్ 37 కోట్ల క్షార జతలు అనుకుందాం. రీడ్‌లు ఎక్కడా పక్షపాతం లేకుండా పడితే ఒక్కొక్క క్షార జతపై సగటున పరచుకునే ముక్కలు:

```
1.85e7 × 200 / 3.7e8 = 10
```

ఇప్పుడు ఒక ప్రమోటర్‌పై 40 ముక్కలు కనిపించాయి. సగటు 10 ఉన్న పాయిజాన్ విభాజనంలో 40 లేక అంతకన్న ఎక్కువ రావడానికి సంభావ్యత లక్ష కోట్లలో ఒకటి కంటే తక్కువ. దీనిని శిఖరంగా అంగీకరించవచ్చు. కాని అదే చోట ఇన్‌పుట్‌ను చూస్తే, రీడ్‌ల సంఖ్యను సమం చేసిన తరువాత, పరిసరాల సగటు 10 కాక 25 ఉందనుకుందాం. అప్పుడు 40 రావడానికి సంభావ్యత వెయ్యిలో 3 పైచిలుకు. ఇది చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. కాని జీనోమ్‌లో 200 క్షార జతల కిటికీలు 18.5 లక్షలు ఉన్నాయి. ఆ స్థాయి సంభావ్యతను అంగీకరిస్తే కేవలం యాదృచ్ఛికంగానే సుమారు 6,300 శిఖరాలు వచ్చి చేరతాయి. అవే 40 ముక్కలు ఒకచోట శిఖరం, మరొకచోట నేపథ్యం.

మ్యాక్స్2 చేసే పని ఇదే. జీనోమ్ సగటు, ఇన్‌పుట్‌లో ఆ చోటి పరిసరాల సగటు, అంటే 1,000, 10,000 క్షార జతల మేర సగటు, వీటన్నిటిలో పెద్దదాన్ని ఆ చోటి నేపథ్యంగా తీసుకుంటుంది. దానితో వచ్చిన సంభావ్యతను పరీక్షల సంఖ్యకు అనుగుణంగా సవరించి, దొంగ శిఖరాల నిష్పత్తిని తెలిపే విలువగా మారుస్తుంది.

వరిలో ప్రత్యేకంగా జరిగే పొరపాట్లు

మ్యాక్స్2 మానవ జీనోమ్‌ను ప్రమాణంగా పెట్టుకొని మొదలవుతుంది. జీనోమ్ పరిమాణాన్ని ప్రత్యేకంగా ఇవ్వకపోతే అది 270 కోట్ల క్షార జతలుగా లెక్కిస్తుంది. వరికి తగిన ఆదేశం ఈ విధంగా ఉండాలి:

```
macs2 callpeak -t ipa1_rep1.bam -c input_rep1.bam \
  -f BAM -g 3.7e8 -q 0.01 -n ipa1_rep1
```

`-g` విలువను మరచిపోతే పై ఉదాహరణలో జీనోమ్ సగటు 10 కాక 1.4కు దిగిపోతుంది. అప్పుడు కేవలం 8 ముక్కలు పరచుకున్న చోటు, అంటే నిజానికి సగటుకన్న తక్కువ ఉన్న చోటు, పదివేలలో ఒకటి కంటే తక్కువ సంభావ్యతతో విశేషంగా కనిపిస్తుంది. ఇన్‌పుట్ సమృద్ధిగా ఉన్నచోట పరిసరాల సగటు ఈ లోపాన్ని కప్పివేస్తుంది. ఇన్‌పుట్‌ను తక్కువ లోతున చదివిన ప్రయోగాలలో మాత్రం శిఖరాల సంఖ్య అకారణంగా పెరుగుతుంది. అటువంటి శిఖరాలు ఎత్తు తక్కువగా, ఇన్‌పుట్ దాదాపు శూన్యంగా ఉన్నచోట్ల గుమికూడి ఉండటమే గుర్తు.

రెండవ పొరపాటు హరితరేణువు నుండి వస్తుంది. ఆకు, లేత కాండం వంటి కణజాలాల నుండి కేంద్రకాలను ఎంత శుభ్రంగా వేరుచేసినా హరితరేణు డీఎన్‌ఏ కొంత మిగులుతుంది. వరి హరితరేణు జీనోమ్ సుమారు 1.34 లక్షల క్షార జతలు. పరిణామక్రమంలో దాని దాదాపు పూర్తి ప్రతి ఒకటి, సుమారు 1.31 లక్షల క్షార జతల నిడివితో, వరి 10వ క్రోమోజోమ్‌లో చేరి ఉంది. రీడ్‌లను జీనోమ్‌తో సరిపోల్చేటప్పుడు కేవలం 12 క్రోమోజోములనే ఇచ్చి హరితరేణు జీనోమ్‌ను వదిలేస్తే, హరితరేణువు నుండి వచ్చిన రీడ్‌లు తమ అసలు ఇల్లు కనిపించక 10వ క్రోమోజోమ్‌లోని నకలు ఇంటికి చేరతాయి. సరిపోల్చే ప్రోగ్రాముకు అది ఏకైక స్థానంగా కనిపిస్తుంది కాబట్టి వడపోతలో కూడా తొలగవు. వేల క్షార జతల మేర గోడలా లేచిన సంకేతం 10వ క్రోమోజోమ్‌పై కనిపిస్తే, ఇన్‌పుట్‌లోనూ అదే గోడ ఉందో లేదో చూడాలి. హరితరేణు, మైటోకాండ్రియా జీనోమ్‌లను కూడా ప్రామాణిక వరుసలో చేర్చి, రెండు చోట్ల సరిపోయే రీడ్‌లను తొలగించడమే దీనికి నివారణ.

మూడవది రకాల తేడా. ప్రామాణిక జీనోమ్ నిప్పన్‌బారే అనే జపానికా రకానిది. సాంబ మసూరి, ఎంటీయూ 1010 ఇండికా వర్గానివి. నిప్పన్‌బారేలో ఒకే ప్రతిగా ఉన్న భాగం ఇండికా రకంలో మూడు ప్రతులుగా ఉంటే, ఆ చోట రీడ్‌లు మూడింతలు పడతాయి. అదే రకం, అదే కణజాలం నుండి తీసిన ఇన్‌పుట్ ఉన్నప్పుడు మాత్రమే ఈ పక్షపాతం సరిదిద్దబడుతుంది. వేరొక రకం ఇన్‌పుట్‌ను అరువు తెచ్చుకోవడం వల్ల ఈ రక్షణ పోతుంది.

శిఖరాల జాబితా వచ్చిన తరువాత కనీసం రెండు పరీక్షలు జరపాలి. మొత్తం రీడ్‌లలో శిఖరాల పరిధిలో పడినవి ఎంత శాతమో లెక్కించాలి; ఇది 1 శాతం కంటే తక్కువైతే ప్రతిరక్షకం సరిగా పట్టలేదని అనుమానించాలి. రెండవది, వేర్వేరు మొక్కల నుండి తీసిన రెండు జీవ పునరావృత్తాలలో శిఖరాల క్రమం ఎంతవరకు ఏకీభవిస్తున్నదో చూడాలి. బలమైన శిఖరాలు రెండింటిలోనూ అదే క్రమంలో ఉండి, ఒక స్థాయి దాటిన తరువాత క్రమం చెదిరిపోతుంది. ఆ చెదిరే స్థాయి దగ్గరే జాబితాను కత్తిరించడం న్యాయం. ఒకే నమూనాను రెండుసార్లు చదివించి దానిని పునరావృత్తంగా చూపడం ఈ పరీక్షకు సరిపోదు.

మోటిఫ్: ఉండటం వేరు, అధికంగా ఉండటం వేరు

మోటిఫ్‌ను శిఖరం మొత్తం పరిధిలో కాక, శిఖరాగ్రానికి ఇరువైపులా వెదకాలి. మ్యాక్స్2 ప్రతి శిఖరానికీ ఒకే క్షార జతగా శిఖరాగ్రాన్ని ఇస్తుంది. దానికి ఇరువైపులా 100 చొప్పున చేర్చితే 201 క్షార జతల సమాన నిడివిగల వరుసలు వస్తాయి.

```
bedtools slop -i ipa1_rep1_summits.bed -g rice.sizes -b 100 > s.bed
bedtools getfasta -fi rice.fa -bed s.bed -fo s.fa
```

ఈ వరుసలలో GTAC ఉందో లేదో చూసి, ఉంటే ఐపీఏ1 ప్రత్యక్షంగా బంధించినట్లేనని తీర్మానించడం విద్యార్థుల వ్యాసాలలో తరచుగా కనిపించే తర్కం. లెక్క దీనిని సమర్థించదు. నాలుగు అక్షరాల మాట 201 అక్షరాలలో మొదలయ్యేందుకు 198 చోట్లు ఉన్నాయి. ఒక్కొక్క చోట GTAC రావడానికి అవకాశం 256లో ఒకటి. అంటే సగటున 0.77 సార్లు వస్తుంది. కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 54 శాతం. జీనోమ్‌లో ఏ చోట కన్నుమూసి వేలుపెట్టినా సగానికి పైగా వరుసలలో GTAC ఉంటుంది. ఒక జన్యువు ప్రమోటర్‌లో GTAC ఉన్నదన్న ఒక్క కారణంతో దానిని ఐపీఏ1 లక్ష్యంగా పరిగణించడం నాణెం ఎగరవేయడంతో సమానం. నిజమైన బంధనంలో GTAC చుట్టూ ఉన్న అక్షరాలకూ పాత్ర ఉంది. అరబిడాప్సిస్ ఎస్‌బీపీ ప్రోటీన్లు ఇష్టపడే వరుసను TNCGTACAA గా గుర్తించడం ఇందుకు నిదర్శనం.

కాబట్టి ప్రశ్న, మోటిఫ్ ఉందా అని కాదు. తగిన నేపథ్యంతో పోలిస్తే అధికంగా ఉందా అని. ఇక్కడ తగిన నేపథ్యం అన్న మాటలోనే అసలు చిక్కు ఉంది. మరొక వివరణాత్మక ఉదాహరణ తీసుకుందాం. 5,000 శిఖరాలలో 3,900 చోట్ల GTAC, 2,000 చోట్ల TGGGCC లేక TGGGCT ఉన్నాయి. జీనోమ్ నుండి యాదృచ్ఛికంగా తీసిన 5,000 వరుసలలో GTAC 2,700 చోట్ల, రెండవ మోటిఫ్, రెండు పోగులనూ లెక్కించి, 870 చోట్ల కనిపించాయి. ఈ పోలికలో GTAC 1.4 రెట్లు, TGGGCC 2.3 రెట్లు అధికం. పట్టికలో TGGGCC మొదటి వరుసలో కూర్చుంటుంది. దానిని చూసినవారు ఐపీఏ1 ప్రధానంగా TGGGCCను గుర్తిస్తుందని రాసే ప్రమాదం ఉంది.

కాని ఐపీఏ1 శిఖరాలు జీనోమ్ అంతటా సమానంగా చల్లినట్లు ఉండవు. ప్రమోటర్ల దగ్గర గుమికూడతాయి. TGGGCC తరహా మోటిఫ్ మొక్కలలో కణవిభజనకు సంబంధించిన జన్యువుల ప్రమోటర్లలో సహజంగానే ఎక్కువగా ఉంటుంది. పీసీఎఫ్1, పీసీఎఫ్2 అనే టీసీపీ కుటుంబ ప్రోటీన్లను 1997లో వరిలో మొదట గుర్తించిందే పీసీఎన్‌ఏ జన్యువు ప్రమోటర్‌లోని ఇటువంటి వరుసలను బంధించే ప్రోటీన్లుగా. అందువల్ల పోలికకు తీసుకోవలసింది జీనోమ్‌లోని ఏదో ఒక వరుసను కాదు. జన్యువు ఆరంభస్థానం నుండి అంతే దూరంలో, అదే స్థాయిలో వ్యక్తమయ్యే జన్యువుల నుండి, శిఖరం లేని ప్రమోటర్ వరుసలను. అలా తీసిన 5,000 వరుసలలో TGGGCC తరహా మోటిఫ్ 1,500 చోట్ల ఉందనుకుంటే అధిక్యం 2.3 రెట్ల నుండి 1.3 రెట్లకు పడిపోతుంది. దత్తాంశం మారలేదు; పోలిక మారింది. వేల వరుసల మీద జరిపే పరీక్షలో ఈ కొద్ది తేడాకు కూడా సంభావ్యత విలువ అత్యల్పంగానే వస్తుంది. కాబట్టి ఆ విలువను మాత్రమే చూపి తృప్తిపడకుండా రెట్లను, శాతాన్ని, నేపథ్యం ఎంపికను వ్యాసంలో పేర్కొనాలి.

రెండవ మోటిఫ్‌కు మూడు అర్థాలు

తగిన నేపథ్యంతో పోల్చిన తరువాత కూడా TGGGCC అధికంగా మిగిలితే, దానికి మూడు వివరణలు సాధ్యం. మొదటిది, ఐపీఏ1 డీఎన్‌ఏను తాకకుండా, TGGGCCపై కూర్చున్న మరొక ప్రోటీన్‌ను పట్టుకొని ఉండటం. రెండవది, ఐపీఏ1 తన GTACపై తాను కూర్చుంటుండగా, మరొక ప్రోటీన్ పక్కనే TGGGCCపై కూర్చొని ఇద్దరూ ఒకే జన్యువును నడపడం. మూడవది, బాగా తెరుచుకొని చురుకుగా వ్యక్తమయ్యే ప్రమోటర్ల క్రోమాటిన్ ఏ ప్రతిరక్షకానికైనా కొంత అంటుకొని రావడం. అప్పుడు మోటిఫ్ ఐపీఏ1 గురించి ఏమీ చెప్పదు.

వీటిని వేరుచేయడానికి మొదట శిఖరాలను నాలుగు వర్గాలుగా విడదీయాలి: GTAC మాత్రమే ఉన్నవి, రెండూ ఉన్నవి, TGGGCC మాత్రమే ఉన్నవి, రెండూ లేనివి. తరువాత ప్రతి వర్గంలో మోటిఫ్ శిఖరాగ్రానికి ఎంత దూరంలో ఉందో పటం గీయాలి. నిజంగా డీఎన్‌ఏతో అతుకు ఏర్పడిన చోట మోటిఫ్ శిఖరాగ్రం కిందనే గుమికూడి, గంట ఆకారంలో కనిపిస్తుంది. మూడవ వర్గంలో, అంటే GTAC లేని శిఖరాలలో, TGGGCC శిఖరాగ్రం కింద గుమికూడితే మొదటి వివరణకు బలం చేకూరుతుంది. రెండూ ఉన్న వర్గంలో GTAC మధ్యలోను, TGGGCC పక్కన కొంత దూరంలోను కనిపిస్తే రెండవ వివరణ సరిపోతుంది. TGGGCC శిఖరాగ్రంతో సంబంధం లేకుండా, జన్యువు ఆరంభస్థానం నుండి కొలిచినప్పుడు మాత్రమే ఒకచోట గుమికూడితే అది ప్రమోటర్ సహజ లక్షణం. మూడవ వివరణ వైపు మొగ్గాలి. ఈ చివరి అనుమానాన్ని నివృత్తి చేయడానికి ఇన్‌పుట్ చాలదు. అతికించిన గుర్తు లేని సాధారణ మొక్కల నుండి అదే ప్రతిరక్షకంతో తీసిన నమూనా కావాలి. అందులోనూ శిఖరం లేచిన చోట్లను జాబితా నుండి తొలగించాలి.

పటాలు సూచించగలవే కాని నిరూపించలేవు. తుది నిర్ధారణ ప్రయోగశాలలోనే జరగాలి. శుద్ధిచేసిన ప్రోటీన్‌ను ఇతర ప్రోటీన్లు లేని నగ్న డీఎన్‌ఏతో కలిపినప్పుడు GTACను మాత్రమే పట్టి TGGGCCను పట్టకపోతే రెండవ మోటిఫ్ పరోక్షమని తేలుతుంది. ఆపై ఆ మోటిఫ్‌కు చెందిన ప్రోటీన్‌తో పరస్పర చర్య ఉన్నదని చూపాలి. ఐపీఏ1 విషయంలో 2013 అధ్యయనం చేరిన నిర్ణయం ఇదే: ఐపీఏ1 GTACను ప్రత్యక్షంగా బంధిస్తుంది; పీసీఎఫ్1 లేక పీసీఎఫ్2తో కలిసి TGGGCC లేక TGGGCT ఉన్న చోట్లకు పరోక్షంగా చేరుతుంది. శిఖరాల జాబితాలో ఈ రెండు రకాల చోట్లూ ఒకేలా కనిపిస్తాయి. ఫార్మాల్డిహైడ్ ప్రత్యక్ష స్పర్శకూ, మధ్యవర్తి ద్వారా వచ్చిన స్పర్శకూ భేదం చూపదు.

బంధనం నుండి నియంత్రణకు

శిఖరం ఉన్నంత మాత్రాన జన్యువు నియంత్రించబడుతున్నదని కూడా చెప్పలేము. వేలకొద్ది బంధన స్థానాలలో అనేకం వ్యక్తీకరణలో మార్పు తేనివే. ప్రోటీన్ మోతాదు మారినప్పుడు ఏ జన్యువుల సందేశ ఆర్‌ఎన్‌ఏ మారుతున్నదో అదే కణజాలంలో కొలిచి, ఆ జాబితాను శిఖరాల జాబితాతో జతచేయాలి. ఐపీఏ1 అధ్యయనంలో ఈ విధంగా రెండు ముఖ్య లక్ష్యాలు తేలాయి. పిలక మొగ్గల ఎదుగుదలను ఆపే ఓఎస్‌టీబీ1 ప్రమోటర్‌ను ఐపీఏ1 నేరుగా బంధించి పిలకలను అణచివేస్తుంది. కంకి ఆకృతిని నిర్ణయించే డెప్1 జన్యువును నేరుగా ప్రోత్సహించి మొక్క ఎత్తును, కంకి పొడవును ప్రభావితం చేస్తుంది. పిలకలు తగ్గడం, కంకి పెరగడం అనే రెండు లక్షణాలు జతగా రావడానికి కారణం ఇక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు జన్యు సవరణ ప్రశ్నకు తిరిగి వస్తే, మోటిఫ్ వ్యాఖ్యానంలో జరిగే పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం స్పష్టమవుతుంది. ఒక లక్ష్య జన్యువు ప్రమోటర్‌లో ఐపీఏ1 శిఖరం కింద TGGGCC మాత్రమే ఉందనుకుందాం. ఐపీఏ1 ప్రభావాన్ని తగ్గించాలని ఆ ఆరు అక్షరాలను తొలగిస్తే, నిజానికి తొలగేది పీసీఎఫ్ ప్రోటీన్ ఆసనం. ఐపీఏ1తో పాటు పీసీఎఫ్ సొంత పని కూడా పోతుంది. ఆ మొక్కలలో వచ్చే మార్పును ఐపీఏ1కు ఆపాదిస్తే, ఆ తప్పు తరువాతి సంకరణ కార్యక్రమాలన్నిటిలోకీ ప్రవహిస్తుంది. సవరించిన మొక్కను స్థిరపరచి, పొలంలో రెండు మూడు కార్లు పరీక్షించిన తరువాత గాని ఈ లోపం బయటపడదు.

చోటునూ, ఆ చోటి యజమానినీ సరిగా గుర్తించినప్పుడు ఫలితం ఎలా ఉంటుందో ఐపీఏ1 జన్యువు చరిత్రే చూపింది. ఐపీఏ1ను పూర్తిగా నిష్క్రియం చేయడానికో, దాని మోతాదును మొక్కంతటా పెంచడానికో బదులు, 2022లో ప్రచురితమైన పరిశోధనలో దాని నియంత్రణ ప్రాంతాన్ని ముక్కలు ముక్కలుగా తొలగించి చూశారు. అందులో 54 క్షార జతల భాగం తొలగిన మొక్కలలో పిలకలూ, కంకిలో గింజలూ రెండూ పెరిగాయి. ఆ 54 అక్షరాలలోని GCGCGTGT మోటిఫ్‌పై ఏఎన్-1 అనే అనులేఖన కారకం కూర్చుంటుందని, అది కంకులలోను, వేళ్లలోను ఐపీఏ1 వ్యక్తీకరణను అణచివేస్తుందని తేలింది. పిలకలు పెరిగితే కంకి చిన్నదవుతుందన్న పాత ముడిని సడలించింది జన్యువు కాదు, దాని ముందున్న 54 అక్షరాలు. బాపట్ల, మారుటేరు రకాలలో ఇటువంటి సవరణకు పూనుకొనేవారు శిఖరాల జాబితా చేతికి వచ్చినప్పుడు ప్రతి శిఖరం పక్కన మూడు విషయాలు రాసుకోవాలి: అదే రకం ఇన్‌పుట్‌లో ఆ చోటి ఎత్తు, శిఖరాగ్రం కింద ఉన్న మోటిఫ్, ఆ మోటిఫ్ ఏ ప్రోటీన్ కుటుంబానిది. మూడవ గడిలో తాము పట్టిన ప్రోటీన్ కుటుంబం పేరు లేకపోతే, ఆ చోట సవరణ చేపట్టే ముందు అసలు యజమాని ఎవరో ప్రయోగశాలలో తేల్చుకోవాలి.